వారానికి నాలుగు రోజుల పని: జీతం ఎంత తగ్గాలి?

ప్రశ్న: నెల్లూరులో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. సోమవారం నుంచి శుక్రవారం వరకు, రోజుకు ఎనిమిది గంటల పని. జీతం నెలకు 40,000, అందులో బేసిక్ 20,000. కావలిలో ఉంటున్న అమ్మను చూసుకోవడానికి శుక్రవారాలు రానని, ఆ మేరకు జీతం తగ్గించమని అడిగాను. ఒప్పుకున్నారు, కాని మిగిలిన నాలుగు రోజులూ అరగంట ఎక్కువ ఉండమన్నారు. హెచ్‌ఆర్ వాళ్ళు ఇక మీద 32,000 అంటున్నారు. మా మేనేజరేమో కాగితాలేవీ వద్దు, శుక్రవారాలు ఎల్‌ఓపీ, అంటే జీతం లేని సెలవు, వేయిస్తాను, 34,667 వస్తుంది అంటున్నారు. ఏది న్యాయం, దేనికి ఒప్పుకోమంటారు?
– ఒక ఉద్యోగిని, నెల్లూరు

సమాధానం: ఆ రెండూ కాదమ్మా. మీకు న్యాయంగా రావలసింది 34,000 రూపాయలు. అది ఎల్‌ఓపీగా కాకుండా, సవరించిన జీతంగా ఒక ఉత్తర్వు మీద రావాలి. ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఇరవై ఏళ్ళకు పైగా కంపెనీలకు జీతాల పట్టీలు తయారుచేసినవాణ్ణి కాబట్టి, ఈ మూడు అంకెలూ ఎక్కడెక్కడి నుంచి పుడతాయో నాకు బాగా తెలుసు. అవి ఎలా పుట్టాయో మీకూ తెలిస్తే, హెచ్‌ఆర్ ముందు కూర్చున్నప్పుడు మాట తడబడదు.

హెచ్‌ఆర్ వాళ్ళు చెప్పిన 32,000 రోజుల లెక్క. అయిదు రోజుల్లో ఒకటి పోయింది, నాలుగు మిగిలాయి, కనుక జీతంలో అయిదింట నాలుగు వంతులు. మీరు ఆ నాలుగు రోజులూ పాత వేళలకే వచ్చి పాత వేళలకే వెళ్ళిపోతే ఈ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒక నెలలో నాలుగు శుక్రవారాలు, మరో నెలలో అయిదు వస్తాయి కదా అన్న సందేహం కొందరికి కలుగుతుంది. ఏడాది మొత్తం మీద 52 వారాలకు గాను 260 పని దినాలు 208 అవుతాయి, అదీ అయిదింట నాలుగు వంతులే, అందువల్ల ఏ నెలకు ఎన్ని శుక్రవారాలు వచ్చినా నెల జీతం ఒకే అంకెగా ఉండడమే సరైన పద్ధతి.

కాని మిమ్మల్ని రోజూ అరగంట ఎక్కువ ఉండమన్నారు. అక్కడే రోజుల లెక్క చెల్లకుండా పోతుంది. ఇంతకుముందు మీరు వారానికి 40 గంటలు ఇచ్చేవారు, ఇప్పుడు ఎనిమిదిన్నర చొప్పున నాలుగు రోజులు, అంటే 34 గంటలు ఇస్తారు. నలభైలో ముప్పై నాలుగు అంటే నూటికి 85. నలభై వేలలో 85 శాతం 34,000. నిష్పత్తి ప్రకారం తగ్గించడం అంటే మీరు ఇచ్చే పని ఎంత తగ్గిందో జీతం అంతే తగ్గడం, ఆఫీసుకు వచ్చే రోజులు తగ్గినంత కాదు. వారానికి రెండు గంటలు చిన్నదిగానే కనిపిస్తుంది, కాని ఏడాదికి అది 104 గంటలు. మీ జీతాన్ని గంటకు కడితే, ఏడాది జీతం 4,80,000ను ఏడాది పని గంటలు 2,080తో భాగిస్తే, సుమారు 231 రూపాయలు వస్తుంది. ఆ లెక్కన 104 గంటలకు 24,000 అవుతుంది, అంటే నెలకు రెండు వేలు. హెచ్‌ఆర్ చెప్పిన 32,000కు మీరు సరేనంటే ఏటా ఆ 24,000 రూపాయల పని ఉచితంగా చేసినట్టు. ఇందులో భోజన విరామాన్ని ఎవరూ కలపకుండా చూడండి. పాత ఎనిమిది గంటలు భోజనం తీసేసి లెక్కించినవైతే, కొత్త ఎనిమిదిన్నర కూడా భోజనం తీసేసే లెక్కించాలి. ఒకచోట కలిపి మరోచోట తీసేస్తే నిష్పత్తి తప్పుతుంది.

ఇక మీ మేనేజరు చెప్పిన 34,667 సంగతి. ఆయన మీకు మేలు చేయాలనే అన్నారని నమ్ముతున్నాను, ఎందుకంటే పైకి చూస్తే ఆ అంకె నేను చెప్పినదాని కన్నా కూడా ఎక్కువ. అది ఎలా వచ్చిందంటే, ఎల్‌ఓపీ వేసేటప్పుడు చాలా ఆఫీసుల్లో నెల జీతాన్ని నెలలోని రోజులతో భాగిస్తారు. ముప్పై రోజుల నెలలో 40,000ను 30తో భాగిస్తే రోజుకు 1,333 వస్తుంది, నాలుగు శుక్రవారాలకు 5,333 పోతే మిగిలేది 34,667. ఈ భాగహారంలో శని, ఆదివారాలకు కూడా జీతం పంచిపెట్టారు కాబట్టి శుక్రవారం విలువ అసలుకన్నా తక్కువగా కనబడుతోంది. ఇది నిష్పత్తి లెక్క కాదనడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఇదే పద్ధతిలో, నెలలోని 22 పని దినాలకూ ఎల్‌ఓపీ వేశారనుకోండి, 29,333 కోత పడి, ఆ నెల ఒక్క పూట కూడా ఆఫీసు గడప తొక్కని మనిషికి 10,667 రూపాయలు జీతం వస్తుంది. అప్పుడొకటీ ఇప్పుడొకటీ వచ్చే సెలవుకు కోత వేయడానికి పుట్టిన పద్ధతి ఇది. ప్రతి వారం, ఏళ్ళ తరబడి నడిచే ఏర్పాటుకు దీన్ని వాడకూడదు.

పైగా ఆ 34,667 ప్రతి నెలా వచ్చేది కూడా కాదు. అయిదు శుక్రవారాలున్న 31 రోజుల నెలలో 40,000ను 31తో భాగిస్తే రోజుకు 1,290, అయిదు రోజులకు 6,452, మిగిలేది 33,548. అంటే ఆ నెలల్లో మీకు 34,000 కన్నా తక్కువే వస్తుంది. ఏడాది పొడుగునా 52 శుక్రవారాలకు లెక్క కడితే కోత మొత్తం సుమారు 68,400, రావలసిన జీతం సుమారు 4,11,600. నెలకు 34,000 చొప్పున ఏడాదికి వచ్చేది 4,08,000. మేనేజరు గారు చూపిస్తున్న లాభం సంవత్సరానికి మూడు వేల ఆరు వందలు, అంటే నెలకు మూడు వందల రూపాయలు. ఆ మూడు వందల కోసం మీరు ఏం పోగొట్టుకుంటారో ఇప్పుడు చెబుతాను.

మీ పీఎఫ్ ఖాతాకు కంపెనీ ప్రతి నెలా పంపే చలానా వివరాల్లో ఎన్‌సీపీ డేస్ అని ఒక గడి ఉంటుంది. జీతం లేని, చందా లేని రోజులన్న మాట. పేస్లిప్‌లో ఎల్‌ఓపీ పడిన రోజులు సామాన్యంగా ఆ గడిలోకి వెళ్ళిపోతాయి. మీ బేసిక్ పదిహేను వేలకు పైనే ఉంది కాబట్టి, కంపెనీ పీఎఫ్‌ను పదిహేను వేల పరిమితి మీద కడుతున్నట్టయితే, నాలుగు రోజులు కోసినా మీ వంతు 1,800 రూపాయలు అలాగే ఉంటాయి. ఆ 1,800 మారలేదు గనుక ఏమీ నష్టం లేదని అనిపిస్తుంది. కాని ఉద్యోగుల పెన్షన్ పథకంలో మీ సర్వీసు లెక్కించేటప్పుడు ఆ ఎన్‌సీపీ రోజుల్ని తీసేస్తారు. ఏడాదికి 52 రోజులు, అయిదేళ్ళకు 260 రోజులు, అంటే ఎనిమిది నెలలకు పైగా సర్వీసు. నెలవారీ పెన్షన్‌కు పదేళ్ళ సర్వీసు కావాలి, మీరు ఎనిమిదేళ్ళ దగ్గర ఉన్నారు. ఆ గీత మీకు దగ్గరపడుతున్న సమయంలో ప్రతి శుక్రవారం ఒక రోజును చెరుపుకుంటూ పోవడం ఎంతమాత్రం మంచిది కాదు. అదే జీతాన్ని ఉత్తర్వుతో సవరించి, శుక్రవారాన్ని మీకు వారాంతపు సెలవుగా నమోదు చేస్తే, శని, ఆదివారాలకు ఎలా ఎన్‌సీపీ పడదో దానికీ అలాగే పడదు.

రెండో నష్టం హక్కుకు సంబంధించింది. ఎల్‌ఓపీ పద్ధతిలో మీ నియామక ఉత్తర్వులో అయిదు రోజుల పని అనే ఉంటుంది. ఇప్పటి మేనేజరు బదిలీ అయి కొత్తాయన వస్తే, రికార్డులో ఆయనకు కనిపించేది వారానికో రోజు జీతం లేని సెలవు పెడుతున్న మనిషి. శుక్రవారం రమ్మంటే కాదనడానికి మీ దగ్గర కాగితం ఉండదు. ఎల్‌ఓపీ ఎక్కువగా ఉందని ఇంక్రిమెంట్‌లో వెనక్కి నెడితే అడగడానికి ఆధారమూ ఉండదు. ఇంకొకటి, చాలా కంపెనీల సెలవు నిబంధనల్లో వారాంతానికి ముందూ వెనుకా సెలవు పడితే మధ్యలోని శని, ఆదివారాలను కూడా సెలవుగానే లెక్కించే పద్ధతి ఉంది. శుక్రవారం ఎల్‌ఓపీ మీకు ఎలాగూ ఉంటుంది కాబట్టి, అమ్మగారికి ఒంట్లో బాగాలేక ఒక సోమవారం కూడా జీతం లేకుండా ఆగిపోవలసి వస్తే, ఎలాగూ పోయే శుక్రవారం కాక పోయేది ఒక్క రోజు జీతం కాదు, శనివారం నుంచి సోమవారం దాకా మూడు రోజులు, అంటే 4,000 రూపాయలు. రెండుసార్లు అలా జరిగితే ఏడాది లాభం మొత్తం తుడిచిపెట్టుకుపోయి ఇంకా ఎదురు పడుతుంది.

అయితే ఎల్‌ఓపీ వైపు ఉన్న ఒక మాటను దాచి పెట్టడం న్యాయం కాదు. అందులో మీ బేసిక్ 20,000 అలాగే ఉంటుంది. సవరించిన జీతంలో అది తగ్గుతుంది. ఈ తేడా గ్రాట్యుటీ దగ్గర బయటపడుతుంది. నాలుగు రోజుల వారానికి మారేవాళ్ళలో చాలామంది దీన్ని చూసుకోరు, అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

గ్రాట్యుటీ అంటే పూర్తయిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల వేతనం. నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణిస్తారు, దాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణిస్తారు. ఇక్కడ తీసుకునే వేతనం ఉద్యోగం వదిలేనాటికి మీరు చివరగా తీసుకుంటున్న వేతనం. మీరు పూర్తి వారం పనిచేసిన ఎనిమిదేళ్ళకు కూడా ఆ చివరి వేతనమే లెక్క. ఈ రోజు మానేస్తే 20,000 మీద ఎనిమిదేళ్ళకు 92,308 రూపాయలు వస్తుంది. బేసిక్ 17,000కు తగ్గిన తరువాత మానేస్తే అదే ఎనిమిదేళ్ళకు 78,462. అంటే ఎప్పుడో అయిదు రోజులూ వచ్చి పూర్తిగా చేసిన పనికి సంబంధించిన సొమ్ములో 13,846 రూపాయలు వెనక్కి పోయినట్టు. నిష్పత్తి లెక్క ఇక మీద చేసే పనికి వర్తించాలి గాని చేసేసిన పనికి వర్తించకూడదు. ఇది అడగవలసిన విషయమే, మొహమాటపడవలసినది కాదు. చట్టం చెప్పినదానికన్నా మెరుగైన గ్రాట్యుటీ ఇవ్వడానికి కంపెనీకి ఎప్పుడూ స్వేచ్ఛ ఉంది. కాబట్టి "ఈ మార్పు తేదీ వరకు పూర్తయిన సర్వీసుకు 20,000 బేసిక్ మీద, ఆ తరువాతి సర్వీసుకు చివరి బేసిక్ మీద గ్రాట్యుటీ లెక్కిస్తారు" అన్న ఒక్క వాక్యం ఉత్తర్వులో రాయించుకోండి. దానికి ఒప్పుకోకపోతే, ఈ ఏర్పాటుకు ఒక గడువు పెట్టి, ఆ తరువాత పూర్తి వారానికి పూర్తి జీతంతో తిరిగి వచ్చే హక్కు రాయించుకోండి. తిరిగి పూర్తి జీతంలోకి వచ్చాక ఉద్యోగం వదిలితే చివరి వేతనం పాత స్థాయిలోనే ఉంటుంది, మధ్యలో నడిచిన ఏడాదో రెండేళ్ళో గ్రాట్యుటీని తగ్గించవు. మీ ప్రశ్నను బట్టి మీకు ఈ అవసరం శాశ్వతం కాదనిపిస్తోంది కనుక, నా దృష్టిలో ఈ రెండో దారే మీకు సులువైనది. బేసిక్ ఒక్కదాన్నే తీసుకుని నేను పై అంకెలు కట్టాను. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లోని వేతన నిర్వచనం ప్రకారం మీ అలవెన్సుల్లో కొన్ని కూడా అందులో కలిస్తే అంకెలు పెరుగుతాయి, నిష్పత్తి మాత్రం ఇదే.

ఇదే చోట ఇంకో పొరపాటు జరుగుతూ ఉంటుంది. తగ్గించవలసిన ఆరు వేలనూ ఒక్క బేసిక్ నుంచే తీసేసి, ఇంటి అద్దె అలవెన్సునూ మిగతా అలవెన్సులనూ పాత అంకెల్లోనే ఉంచేస్తారు. జీతం మొత్తం 34,000 సరిపోయింది కాబట్టి ఉద్యోగి చూసి సంతకం పెట్టేస్తాడు. మీ విషయంలో అలా చేస్తే బేసిక్ 14,000 అవుతుంది. పీఎఫ్ 1,800 నుంచి 1,680కి దిగుతుంది, కంపెనీ వాటా కూడా అంతే దిగుతుంది, గ్రాట్యుటీని ఆ బేసిక్ మీదే కడితే ఎనిమిదేళ్ళకు 64,615 మాత్రమే. కొత్త స్మృతుల ప్రకారం మినహాయింపు ఉన్న అలవెన్సులు మొత్తంలో సగానికి మించితే మించినదాన్ని వేతనంలోనే కలిపి చూడాలి. కాబట్టి దీన్ని మీరు ఎదిరించవచ్చు. కాని ఉద్యోగం వదిలే రోజున ఎదిరించడం కన్నా ఈ రోజు పట్టీ సరిగా వేయించుకోవడం తేలిక. ప్రతి అంశాన్నీ అదే 85 శాతానికి దించాలి. బేసిక్ 20,000 అయితే 17,000, ఇంటి అద్దె అలవెన్సు 8,000 ఉంటే 6,800, అలా వరుసగా. ప్రయాణ అలవెన్సు ఒక్కటి ఆఫీసుకు వచ్చే రోజులను బట్టి ఇచ్చేదైతే, దాన్ని మాత్రం అయిదింట నాలుగు వంతులకు తగ్గిస్తామంటే అందులో న్యాయం ఉంది, ఎందుకంటే అరగంట ఎక్కువ కూర్చున్నందుకు బస్సు చార్జీ పెరగదు. వృత్తి పన్ను సంగతి చూడనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో నెల జీతం ఇరవై వేలు దాటినవారికి రెండు వందలే, మీకు ముందూ తరువాతా అదే.

జీతంతో పాటు సెలవులు కూడా నిష్పత్తిలోకి రావాలి. ఇక్కడ తగ్గింపు అన్న మాట విని భయపడకండి. ఆర్జిత సెలవులు ఏడాదికి 15 ఉన్నాయనుకుందాం. అయిదు రోజుల వారంలో అవి మూడు వారాలు. నాలుగు రోజుల వారంలో 12 రోజులే మూడు వారాలు. కాబట్టి 15ను 12 చేస్తామంటే అది నష్టం కాదు, కాని దానికి బదులుగా మీరు ఒక వారమంతా సెలవు పెడితే ఖాతాలో నాలుగు రోజులే తగ్గాలి. చాలాచోట్ల మొదటిది చేసి రెండోది మరిచిపోతారు. 15ను 12 చేసి, వారం సెలవుకు అయిదు రోజులు కోసేస్తారు. ఈ మార్పుకు ముందే మీరు కూడబెట్టుకున్న సెలవులు ఏవైనా ఉంటే వాటిని తగ్గించే ప్రసక్తే ఉండకూడదు, ఆ సంఖ్యను తేదీతో సహా ఉత్తర్వులో రాయించండి.

పండుగ సెలవుల విషయంలో శుక్రవారానికి ఒక ప్రత్యేకత ఉంది. వరలక్ష్మీ వ్రతం ఎప్పుడూ శుక్రవారమే, గుడ్‌ఫ్రైడే సరేసరి. మీ కంపెనీ ఈ రెండింటికీ సెలవిస్తూ ఉంటే, మిగతావాళ్ళకు దక్కే ఆ రెండు రోజులు మీకు మీ సొంత సెలవులోనే కలిసిపోతాయి. కంపెనీ ఏడాదికి పది పండుగ సెలవులు ఇస్తుంటే మీకు ఎనిమిది దక్కడం నిష్పత్తి. అవి శుక్రవారం పడి ఎనిమిది కన్నా తగ్గితే ఆ మేరకు వేరే రోజు ఇవ్వాలి, సోమ, మంగళవారాల్లో ఎక్కువగా పడి ఎనిమిదికి మించితే మీరూ ఆ తేడాను సర్దుబాటు చేసుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

పని గురించి కూడా ఒక మాట. మీది అకౌంట్స్ విభాగం. టీడీఎస్ చెల్లింపుకు ఏడో తేదీ, నెలవారీ జీఎస్టీ రిటర్నుకు ఇరవయ్యో తేదీ ఆగవు. అవి శుక్రవారం వచ్చిన నెలలో మీకు ఫోను వస్తుంది, అది తప్పదు. ముందే రెండు సంగతులు తేల్చుకోండి. మీ దగ్గర ఉన్న పనుల్లో ఏ పని ఎవరికి వెళుతుందో పేరుతో సహా రాసుకోవాలి, లేకపోతే అయిదు రోజుల పనిని నాలుగు రోజుల్లో చేసి జీతం మాత్రం తగ్గించుకున్నట్టవుతుంది. తప్పనిసరై శుక్రవారం పిలిస్తే, అదే వారంలోనో తరువాతి వారంలోనో మరో రోజు ఇవ్వాలి, లేదా ఆ రోజుకు విడిగా డబ్బు ఇవ్వాలి. ఆ డబ్బు ఎంత అన్నది కూడా ఇప్పుడే రాయించండి. గంటకు 231 లెక్కన ఎనిమిదిన్నర గంటలకు సుమారు 1,960 అవుతుంది. ఈ అంకె ముందే రాసి లేకపోతే, అప్పుడు ఎవరో ఒకరు 34,000ను 30తో భాగించి 1,133 చేతిలో పెడతారు.

ఇంక్రిమెంట్ గురించి ఉత్తర్వులో పూర్తికాల జీతం 40,000 అని, పని నిష్పత్తి 85 శాతం అని, చెల్లించే జీతం 34,000 అని మూడూ విడివిడిగా కనిపించాలి. రేపు అందరికీ మూడు వేలు పెంచితే మీ పూర్తికాల జీతం 43,000 అవుతుంది, చెల్లించే జీతం 36,550. ఉత్తర్వులో 34,000 ఒక్కటే ఉంటే రెండేళ్ళ తరువాత వచ్చే హెచ్‌ఆర్ ఉద్యోగికి అదే మీ పూర్తి జీతం అనిపిస్తుంది. ఆయన ఫైలు చూసి, ఈవిడ నాలుగు రోజులే వస్తోంది గదా అని మళ్ళీ ఒకసారి నిష్పత్తి వేసే ప్రమాదం ఉంది.

ఇలా రెండుసార్లు కోత పడడం నేను కళ్ళారా చూశాను. ఒంగోలులో ఒక కంపెనీకి నేను జీతాల లెక్కలు చూస్తున్న రోజుల్లో, ఒకావిడ నాలుగు రోజుల పనికి మారారు. జీతం తగ్గించిన ఉత్తర్వు సరిగానే వచ్చింది, నేను కంప్యూటర్‌లో జీతం మార్చాను. కాని హాజరు యంత్రంలో ఆవిడ పని దినాల పట్టిక మార్చలేదు. యంత్రానికి ఆవిడ ఇంకా అయిదు రోజుల ఉద్యోగే. వేలిముద్ర పడని ప్రతి శుక్రవారాన్నీ అది గైర్హాజరుగా రాసుకుంది, నెలాఖరున నాలుగు ఎల్‌ఓపీలు వచ్చి, తగ్గిన జీతంలో నుంచి మళ్ళీ నాలుగు రోజుల కోత పడింది. ఆవిడ మొహమాటస్తురాలు, మొదటి నెల ఇంతే కాబోలు అనుకుని ఊరుకుంది. మూడో నెలలో ఆవిడ భర్త పేస్లిప్ పట్టుకుని వచ్చి అడిగితే గాని నాకు తెలియలేదు. డబ్బు తిరిగి ఇచ్చేశాం. పీఎఫ్‌లోకి వెళ్ళిపోయిన ఎన్‌సీపీ రోజులను సరిచేయించడానికి మాత్రం నెలల తరబడి తిరగవలసి వచ్చింది. ఆ తప్పులో నా వంతూ ఉంది కనుక, అప్పటి నుంచి ఇలాంటి మార్పు జరిగిన ప్రతిసారీ మొదటి పేస్లిప్‌ను నేనే స్వయంగా చూసిన తరువాతే బయటికి పంపించేవాణ్ణి.

కాబట్టి మీ ఉత్తర్వు నెల మధ్యలో కాకుండా ఒకటో తేదీ నుంచి అమలయ్యేలా చూసుకోండి, లేకపోతే మొదటి నెలలో సగం పాత జీతం, సగం కొత్త జీతం కలిసి తప్పును పట్టుకోవడం కష్టమవుతుంది. ఆ నెల పేస్లిప్ రాగానే జీతం అంకె కన్నా ముందు దానిపైన ఉండే చిన్న అక్షరాల వరుస చూడండి. చెల్లించిన రోజులు అన్నచోట ఆ నెలలోని రోజులన్నీ, 30 గాని 31 గాని, పూర్తిగా ఉండాలి. ఎల్‌ఓపీ అన్నచోట సున్నా ఉండాలి. ఆ తరువాత బేసిక్ 17,000, మొత్తం 34,000, పీఎఫ్ పదిహేను వేల పరిమితి మీద కడుతుంటే 1,800, వృత్తి పన్ను 200, చేతికి 32,000 వచ్చాయేమో చూసుకోండి. హెచ్‌ఆర్ వాళ్ళు మొదట చెప్పిన 32,000, చేతికి వచ్చే ఈ 32,000 ఒకటి కాదని మాత్రం మరచిపోవద్దు. వాళ్ళది కోతలకు ముందు అంకె, అందులో నుంచి మరో రెండు వేలు పోతే మీకు మిగిలేది 30,000. మాట్లాడేటప్పుడు ఎవరు ఏ 32,000 గురించి అంటున్నారో అడిగి తేల్చుకోండి. ఆ నెల చందా పీఎఫ్ ఖాతాలో జమ అయ్యాక, కంపెనీ పంపిన వివరాల్లో మీ పేరుకు ఎదురుగా ఎన్‌సీపీ గడిలో సున్నా ఉందో లేదో కూడా అడిగి తెలుసుకోండి. మీరే అకౌంట్స్‌లో ఉన్నారు కాబట్టి ఆ చలానా పట్టీ మీ విభాగంలోనే ఏదో ఒక బల్ల మీద ఉంటుంది.